లైను మధ్యలో అడ్డగీత: తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక బైపీసీ అమ్మాయి జవాబుల కథ

యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే ఒక అమ్మాయి జవాబులో ‘ఏరెన్-కైమా’ అని కనబడింది. నీటి మొక్కల్లో గాలి గదులుండే కణజాలం పేరది. మాట మధ్యలో అడ్డగీత. లైను చివర చోటు చాలక విరిచిందా అంటే అదీ కాదు, ఆ మాట తర్వాత ఇంకో నాలుగు మాటలకు చోటుంది. నేను హన్మకొండలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. ఇలాంటి గీతలు ఇంతకుముందూ కనబడే ఉంటాయి, నేనే పట్టించుకోలేదు. ఆ రోజు ఎందుకో స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్న గైడు తీసి చూశాను. గైడులో ఆ మాట సరిగ్గా లైను చివర పడింది. సగం మాట, గీత, మిగతా సగం కింది లైనులో. పిల్ల గీతతో సహా బట్టీ పట్టింది.

గైడు పక్కన పెట్టుకుని జవాబు మొత్తం మళ్లీ చదివాను. మూడో పేరాలో ‘పటంలో చూపినట్టుగా’ అని ఇంగ్లీషులో రాసింది, పటం మాత్రం ఎక్కడా లేదు. ఒకచోట వాక్యానికి క్రియ లేదు. గైడులో ఆ వాక్యం పేజీ తిరిగేచోట ఉంది, ఒక లైను జారిపోయి రెండు ముక్కలు అతుక్కుపోయాయి. ‘మెకానికల్ టిష్యూ’ స్పెల్లింగులో ఒక్క తప్పు లేదు. కానీ ప్రశ్న నంబరు పక్కన సొంతంగా రాసుకున్న ‘ఆన్సర్’ అనే మాటకు డబ్ల్యూ లేదు. కష్టమైన మాట కరెక్టుగా వచ్చి తేలిక మాట తప్పు పోయిందంటే, ఆ రెండూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయన్నమాట. ఇప్పుడు నేను పేపరు తీయగానే ముందు చూసేది అదే.

కాపీ కొట్టిందని అనుకోవడానికి లేదు. ఆ టెస్టుకు ఇన్విజిలేటర్ నేనే, ఆ పిల్ల ముందు బెంచీలో కూర్చుంది. పరకాల దగ్గర ఒక ఊరు, పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం. అడిగితే రాయమంది కాబట్టి రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.

ప్రశ్న ఎకాలజీ యూనిట్ నుంచి, నీటి మొక్కల అనుకూలనాలు. ఫస్టియర్ బోటనీలో ఆ యూనిట్ పుస్తకం చివర ఉంటుంది. నేను మాత్రం ఆగస్టులోనే చెప్పేస్తాను. చెరువులు నిండే కాలం, చూపించడానికి మొక్కలు దొరుకుతాయి. నాలుగు మార్కుల ఆ జవాబుకు నేను మూడు వేశాను. వేయక తప్పదు. ఏరెన్‌కైమా ఉంది, పల్చటి క్యూటికల్ ఉంది, జైలం తక్కువని ఉంది, పాయింట్లన్నీ పడ్డాయి. మన పేపరు 60 మార్కులకు ఉంటుంది: పది చిన్న ప్రశ్నలు రెండేసి మార్కులకు, ఎనిమిదిలో ఆరు నాలుగేసి మార్కులకు, మూడింటిలో రెండు ఎనిమిదేసి మార్కులకు. దిద్దేవాళ్లు పాయింటుకు ఇంతని వేసుకుంటూ పోతారు. బట్టీ జవాబుకు మార్కులు రావన్నది అబద్ధం. వస్తాయి. అందుకే పిల్లలు దాన్ని వదలరు, ఈ కేసులో అసలు చిక్కు కూడా అదే.

క్వార్టర్లీలో నేను ప్రశ్నను కొంచెం తిప్పాను. ‘ఒక కాండం అడ్డుకోత చూసి ఆ మొక్క నీళ్లలో పెరిగిందని ఎలా చెప్తావు?’ అని. కావలసిన పాయింట్లు అవే. ఈ అమ్మాయి హైడ్రోఫైట్స్, అంటే నీటి మొక్కల నిర్వచనంతో మొదలుపెట్టి, వాటిలో ఐదు రకాలు, ప్రతి రకానికీ ఉదాహరణలు రాసుకుంటూ పోయి, మూడో రకం మధ్యలో ఆగిపోయింది. వాక్యం పూర్తి కాలేదు. కింద అరపేజీ ఖాళీ. అడ్డుకోత ఊసే లేదు. నాలుగుకు అర మార్కు.

తర్వాత రోజు లంచ్‌లో పిలిచి కూర్చోబెట్టాను.

“మధ్యల ఎందుకు ఆగిపోయినవు బిడ్డా?”

“ఒక మాట గుర్తుకు రాలేదు మేడం.”

“ఆ మాట వదిలేసి తర్వాతది రాయచ్చు కదా?”

“ఆ మాట రాకుంటే దాని ఎనకది రాదు మేడం.”

నోట్స్ తెమ్మన్నాను. చూస్తే ప్రతి ఇంగ్లీషు లైను మీదా పెన్సిల్‌తో తెలుగు అక్షరాలు. ‘హైడ్రోఫైట్స్ ఆర్ ద ప్లాంట్స్ విచ్ గ్రో...’ అని పేజీలకు పేజీలు. ఆ పిల్ల చదివింది ఇంగ్లీషు కాదు, తెలుగు లిపిలో ఉన్న శబ్దం. అప్పజెప్పమంటే పద్యంలా గడగడా చెప్పింది. మధ్యలో ఆపి, ఇక్కడి నుంచి చెప్పమంటే చెప్పలేక మళ్లీ మొదటికి పోయింది. ఎక్కాలు వల్లించేవాళ్లను ఏడు ఎనిమిదులెంత అని అడిగితే ఏడొకట్ల నుంచి ఎత్తుకున్నట్టు. ఎనిమిది మార్కుల జవాబు ఒకటి పట్టడానికి రెండు రాత్రులు పడుతుందట. ఇంత కష్టపడే పిల్లను సోమరి అనడానికి నోరు రాదు.

ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు చెప్పాలి. ‘గైడు పక్కన పెట్టు, సొంత మాటల్లో రాసుకురా’ అని పంపాను. సొంత మాటలు ఉన్నవాళ్లకు చెప్పే మాట అది. వారం తర్వాత రాసుకొచ్చింది. వాక్యాల ఎముకలన్నీ గైడువే, మాటలు మాత్రం ఫోన్లో డిక్షనరీ చూసి మార్చింది. ‘థిన్ క్యూటికల్’ కాస్తా ‘స్కిన్నీ క్యూటికల్’ అయింది. ‘ఫ్రీ ఫ్లోటింగ్’ పోయి ‘ఇండిపెండెంట్ డ్రిఫ్టింగ్’ వచ్చింది. గైడు జవాబుకు మూడు మార్కులు వస్తే దీనికి ఒకటి కూడా వేయలేను. పోయినవన్నీ ఉండాల్సిన మాటలు, మిగిలినవన్నీ పోవాల్సిన వాక్యాలు.

ఇలా అక్కడక్కడా మాటలు మార్చి అతికించే రాతకు ఇంగ్లీషు అధ్యాపకుల్లో ‘ప్యాచ్‌రైటింగ్’ అనే పేరుంది. 1990లలో అమెరికాలో రచన బోధించే రెబెకా మూర్ హోవార్డ్ ఆ పేరు పెట్టారు. దాన్ని దొంగతనంగా చూడొద్దనీ, కొత్త విషయంలోకి, కొత్త భాషలోకి అడుగుపెట్టేవాళ్లు దాటే ఒక మెట్టుగా చూడాలనీ ఆమె వాదన. చదివినప్పుడు బాగానే అనిపించింది. నా అనుభవంలో మాత్రం ఆ మెట్టు మీద పిల్లను వదిలేస్తే అక్కడే కూర్చుంటుంది.

కాబట్టి ముందు ఏ మాట ఎవరిదో తేల్చాం. జైలం, స్టొమాటా, క్యూటికల్, ఏరెన్‌కైమా సబ్జెక్టు మాటలు. వాటికి బదులు ఇంకో మాట వాడకూడదు, స్పెల్లింగుతో సహా నేర్చుకోవాల్సిందే. ఇక్కడ బట్టీ తప్పు కాదు. ఆ మాటల్ని ఒకదానితో ఒకటి కలిపే వాక్యం మాత్రం మనది. నోట్‌బుక్‌లో పేజీకి నడుమ గీత కొట్టించి, ఒకవైపు పదో తరగతి దాకా తనకు తెలిసిన మాట, రెండోవైపు ఇంగ్లీషు మాట రాయించాను. దారువు ఎదురుగా జైలం, పత్రరంధ్రం ఎదురుగా స్టొమా, బహువచనం స్టొమాటా. ఆ యూనిట్ మొత్తానికి ఇరవై మాటలు దాటలేదు. ‘గింతేనా మేడం’ అంది. నలభై పేజీలు నేర్వాలేమోనన్న టెన్షన్ అక్కడ కొంచెం దిగింది.

తర్వాత, ఇంగ్లీషు సంగతి పక్కన పెట్టి తెలుగులోనే చెప్పు అన్నాను. అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి.

“నీటి మొక్కల కాండములలో గాలి గదులు ఉండుట వలన అవి నీటిపై తేలియాడును” అని చెప్పింది. ఇంట్లో ఎవరైనా ‘ఉండుట వలన’ అంటారా? ఇదీ బట్టీయే. పదో తరగతి పేపర్లో ‘సొంత మాటల్లో రాయండి’ తరహా ప్రశ్నలు పెట్టింది ఈ జబ్బుకు మందుగానే. ఆ సొంత మాటలు కూడా గైడులో అచ్చయి ఉంటే పిల్లలు వాటినీ పట్టేశారు. అంటే ఈ అమ్మాయికి ఇంగ్లీషు రాకపోవడం రెండో సమస్య. చదివిన సంగతి గురించి ఏ భాషలోనూ ఒక్క వాక్యం తనంతట తాను కట్టలేదు, పదేళ్ల చదువులో ఎవరూ కట్టమనలేదు. తెలుగు మీడియంలో అది బయటపడలేదు, ఎందుకంటే బట్టీలో ఒక మాట జారినా మాతృభాష కాబట్టి ఏదో ఒకటి పెట్టి నెట్టుకొచ్చేది. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఆ ఆసరా పోయింది. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేర్పించి చేతులు దులుపుకునేవాళ్లు గమనించాల్సింది ఇదే.

మర్నాడు పొద్దున వచ్చేటప్పుడు చెరువు గట్టు దగ్గర ఆగి గుర్రపుడెక్క మొక్కలు రెండు కవరులో వేసుకొచ్చాను. ఆకు కింద ఉబ్బెత్తుగా ఉండే కాడను బ్లేడుతో అడ్డంగా కోసి చేతికిచ్చాను. పిల్ల నొక్కి చూసింది.

“థర్మకోల్ లెక్కున్నది మేడం.”

“నీళ్లల్ల ఏస్తే?”

“మునగది. లోపలంత గాలే ఉన్నది గదా.”

“ఆ, మరి జైలం ఎందుకు తక్కువుంటది దీనికి?”

కాసేపు కాడను తిప్పి తిప్పి చూసింది. “జైలం నీళ్లు మోసేది గదా మేడం. సుట్టూ నీళ్లే ఉంటే ఇంక ఏడికెల్లి మోసుకొస్తది?”

అదీ వాక్యమంటే. ఏ గైడులోనూ లేదు. వెంటనే ఇదే మాట ఇట్లనే నోట్‌బుక్‌లో రాయి అన్నాను. ‘ఇట్లనా మేడం, మా భాషల?’ అని రెండుసార్లు అడిగింది. మీ భాషలోనే అన్నాను. పుస్తకం తెలుగులోకి మారిస్తే మళ్లీ ‘ఉండుట వలన’ దగ్గరికి పోతాం.

అక్కడి నుంచి పద్ధతి ఒక దారికి వచ్చింది. ఒక చిన్న పేరా చదవాలి, పుస్తకం మూయాలి. ఏముంది, దాంతో ఏమవుతుంది, ఎందుకు అనే మూడు ప్రశ్నలకు ఇంటి తెలుగులో మూడు నాలుగు లైన్లు రాయాలి. అందులో సబ్జెక్టు మాటల కింద గీత గీసి వాటిని ఇంగ్లీషు మాటలతో మార్చాలి. ఆ తర్వాతే వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టాలి, ఎనిమిది మాటలు దాటకుండా. పుస్తకం మళ్లీ తెరిచేది చివర్లో, విషయం సరిపోయిందా లేదా చూసుకోవడానికి. పుస్తకం తెరిచి పెట్టుకుని రాస్తే ఎంత వద్దనుకున్నా కన్ను అక్కడికే పోతుంది. ఇది పెద్దవాళ్లకూ అంతే, పీహెచ్‌డీ చేసేటప్పుడు నా చేయీ అట్లానే పోయేది.

ఎనిమిది మాటల లెక్కకు కారణముంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే కూర్చోవాలి. వాక్యం పొడుగైతే మన పిల్లలకు క్రియ ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని మింగేస్తారు. గైడు వాక్యం ఎట్లా ఉంటుందంటే ‘ద ప్రెజెన్స్ ఆఫ్ ఏరెన్‌కైమా ఫెసిలిటేట్స్ బాయన్సీ ఇన్ ఫ్లోటింగ్ స్పీషీస్’. దానికి ఈ అమ్మాయి రాసింది: ‘ఏరెన్‌కైమా హాజ్ ఎయిర్. సో ద ప్లాంట్ ఫ్లోట్స్.’ జైలం గురించి: ‘వాటర్ ఈజ్ ఆల్ అరౌండ్ ద ప్లాంట్. సో ఇట్ నీడ్స్ లిటిల్ జైలం.’ చిన్నపిల్లల రాతలా ఉందని మా ఇంగ్లీషు సార్ నవ్వారు. ఉండనీయండి అన్నాను. ఏ వాక్యం దగ్గర ఆపినా తర్వాతది ఏమిటో ఆ పిల్ల చెప్పగలదు. నాకు కావాల్సిన పరీక్ష అదే: మధ్యలో ఆపి, ‘ఈ లైను తీసేస్తే ఏం పోతది?’ అని అడగడం. బట్టీ అయితే జవాబుండదు.

‘ఏ’లూ ‘ద’లూ నేను దిద్దలేదు. ‘ఉంటాయి’ అనాల్సిన ప్రతిచోటా ‘ఎయిర్ స్పేసెస్ ఆర్ దేర్’ అన్నట్టు రాసేది, దాన్నీ వదిలేశాను. దిద్దింది ఒక్క రకం తప్పే, విషయాన్ని మార్చేసే తప్పు. నీట మునిగి ఉండే ఆకులకు స్టొమాటా ఉండవు. కలువలా తేలే ఆకులకు పైవైపే ఉంటాయి. ఈ రెండూ కలిపి ‘నీటి మొక్కలకు స్టొమాటా ఉండవు’ అని ఒకసారి రాసింది. అలాంటిది ఎర్రపెన్నుతో కొట్టేశాను. సొంత వాక్యం రాసేవాళ్లకు ఇలాంటి తప్పులు వస్తాయి, బట్టీలో రావు. ఆ ఖర్చుకు సిద్ధపడాలి.

ఆ ఖర్చు హాఫ్ ఇయర్లీలో చాలానే అయింది. ఆ పేపర్లు దిద్దింది నేను కాదు, ఇంకో లెక్చరర్. సొంతంగా రాసిన నాలుగు మార్కుల జవాబుకు రెండే పడ్డాయి, గైడు నుంచి దించిన పక్క పిల్లకు మూడున్నర. నాన్న కాలేజీకొచ్చాడు. మిర్చి పండించే మనిషి, పని మానుకుని వచ్చాడు. “మేడం, ముందటి మార్కులు మంచిగనే ఉండె గదా. గిప్పుడెందుకు తగ్గినయి? గైడు సదవద్దన్నరట గదా మీరు?” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది. ఆ అమ్మాయి రెండు వారాలు గైడుకే పోయింది, నేనూ ఏమనలేదు.

తర్వాత ఆ పేపరు తీసి, దిద్దిన లెక్చరర్‌తో కూర్చున్నాను. ఆయన తప్పేం లేదు. బండిల్లో వంద పేపర్లుంటాయి, కన్ను పాయింట్ల కోసం వెతుకుతుంది. ఈ పిల్ల జవాబు కథలా ఒకే పేరాగా ఉంది. ఏరెన్‌కైమా అనే మాట నాలుగో లైను మధ్యలో ఎక్కడో ఉంది, ఆయనకు కనబడలేదు. తప్పు నాదే. వాక్యం సొంతమైతే చాలనుకుని, జవాబును దిద్దేవాడి కంటికి ఎలా కనబడేలా పెట్టాలో నేర్పలేదు. అప్పటి నుంచి పాయింటుకో లైను, సబ్జెక్టు మాట లైను మొదట్లోనే, దాని కింద గీత. పటం వేస్తే లేబుళ్లన్నీ కుడివైపే, ‘పటంలో చూపినట్టు’ అని రాస్తే పటం ఉండి తీరాలి. మాటలు గైడువి, వాక్యాలు తనవి అని నవ్వుతూ అనేదాన్ని. మొదట్లో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు.

ప్రీఫైనల్లో రెండు మార్కుల ప్రశ్న ఒకటిచ్చాను: ఒక ఆకుకు పైవైపే స్టొమాటా కనబడితే నీకేం అర్థమవుతుంది? సెక్షన్లో ఎక్కువమంది స్టొమాటా నిర్వచనం రాసి వదిలేశారు. ఈ అమ్మాయి మూడు లైన్లు రాసింది. ఆకు నీటి మీద తేలుతుంది. కిందివైపు నీటికి ఆనుకుని ఉంటుంది. అక్కడ స్టొమాటా ఉన్నా గాలి అందదు. ఇంగ్లీషులో రెండుచోట్ల గ్రామర్ తప్పు. రెండుకు రెండు వేశాను.

మార్చిలో బోర్డు పరీక్షలో బోటనీకి 60కి 46 వచ్చాయి. గైడుతోనే పోయి ఉంటే ఇంకో రెండు ఎక్కువే వచ్చేవేమో, నేను కాదనలేను. నేను చూసిన తేడా ఇంకొకటి. సెకండియర్లో మొక్కల్లో రవాణా పాఠం మొదలవగానే, గైడు ఇంకా కొనకముందే, బాష్పోత్సేకం మీద అరపేజీ రాసి తెచ్చింది. మిట్టమధ్యాహ్నం మిర్చి మొక్క తలవేలాడేసి సాయంత్రానికి తేరుకోవడం గురించి. పగలు ఆకుల నుంచి పోయినంత నీరు వేళ్లు అందించలేవని, పొద్దుగూకి స్టొమాటా మూసుకున్నాక వేళ్లు ఆ లోటు పూడుస్తాయని. ఆ మాట నేను చెప్పలేదు, వాళ్ల చేను చెప్పింది. దానికి ఇంగ్లీషు కట్టింది మాత్రం తనే.

ఈ పద్ధతి అందరికీ పనిచేస్తుందని చెప్పను. యాభై ఎనిమిది మంది ఉన్న సెక్షన్లో నేను లంచ్‌లో కూర్చోబెట్టగలిగింది ఆరుగురినే. అందులో ఇద్దరు హాఫ్ ఇయర్లీ మార్కులు చూసి మానేశారు, వాళ్లను తప్పుపట్టలేను. జీవితచక్రాల్లాంటి పొడుగు జవాబులకు, వరుసక్రమమే విషయమైనచోట, ఇది అంతగా పనికిరాదు. అక్కడ ముందు పటం గీసి, దాని చుట్టూ వాక్యాలు పేర్చమంటున్నాను. అదింకా కుదురుకోలేదు.

మొన్న ఈ అమ్మాయి జువాలజీ నోట్స్ మా టేబుల్ మీద మర్చిపోయింది. తిప్పి చూశాను. ప్లాస్మోడియం జీవితచక్రం, ఐదు పేజీలు, లైన్ల మీద పెన్సిల్‌తో తెలుగు అక్షరాలు. మూడో పేజీలో లైను నడిమధ్యలో ‘స్కై-జోగొనీ’ అని ఉంది.